పట్టు మీద పొద్దు

గిద్దలూరు పక్క చేలల్లో పొద్దుతిరుగుడు పూతకొచ్చినప్పుడు పెట్టెలు దించుతాను. రైతులు వచ్చి అడుగుతారు, "అన్నా, నీ ఈగలు మా చేనికే వస్తన్నాయా?" దానికి జవాబు చెప్పాలంటే ఈగల ఆట చూడాలి. అందుకే ఒక పెట్టెకు చెక్క తీసేసి అద్దం బిగించుకున్నాను. దాన్ని నీడలోనే చూస్తాను. ఆకాశం కనబడితే ఈగ చూపే కోణం తేడా వస్తుంది.

మేత దొరికిన ఈగ నిలువు పట్టు మీద తోక ఊపుకుంటూ నేరుగా కాస్త దూరం నడుస్తుంది. ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి తిరిగొచ్చి మళ్లీ అదే గీత మీద ఊపుతుంది. గూటి చీకట్లో పైవైపే పొద్దు ఉన్న దిక్కని లెక్క. జనవరిలో తొమ్మిదీ పదీ మధ్య పొద్దు ఆగ్నేయాన ఉంటుంది. అప్పుడు ఈగ సరిగ్గా ఎడమకి, అడ్డంగా నడిచిందంటే పూలు ఈశాన్యాన, అంటే కంభం వైపు ఉన్నట్టు. మధ్యాహ్నానికి పొద్దు దక్షిణానికి వస్తుంది. చేను కదల్లేదు గానీ అదే చేనికి ఈగ ఇప్పుడు ఎడమ పక్కకే, కిందికి వాలి నడుస్తుంది. గడియారం చూడకుండా కోణం ఒక్కటే రాసుకుంటే పనికిరాదు.

దూరం ఊపు ఎంతసేపన్నదాన్ని బట్టి తెలుస్తుంది. పెట్టెల్లో పెంచే ఇటాలియన్ ఈగకి ఒక సెకను ఊపు సుమారు కిలోమీటరు. ఒక్క ఊపు నమ్మను. నాలుగైదింటి సగటు తీసుకుంటాను. ఈ లెక్క మన పుట్ట తేనెటీగకు వర్తించదు. అది దగ్గరి మేతకే ఎక్కువసేపు ఊపుతుంది. పెట్టె పక్కనే పూలుంటే ఈగ గుండ్రంగా తిరుగుతుంది, దిక్కు పెద్దగా తెలియదు.

ఈ భాషను విప్పిచెప్పిన కార్ల్ వాన్ ఫ్రిష్‌కి 1973లో నోబెల్ వచ్చింది. అసలు ఆడాల్సిన అవసరమేమిటన్నది 2004లో డార్న్‌హౌస్, చిట్కా ప్రచురించిన పరిశోధన చెప్పిన తీరు నాకు నచ్చింది. పట్టును పడుకోబెట్టి ఆట దిక్కు చెదరగొట్టి చూశారు. జర్మనీలో, స్పెయిన్‌లో మేతకి పెద్దగా నష్టం రాలేదు. మన దేశపు ఉష్ణమండల అడవిలో మాత్రం బాగా పడిపోయింది. అక్కడ పూలు అంతటా ఉండవు, ఎక్కడో ఒక చెట్టు ఒక్కసారిగా విరగబూస్తుంది. నల్లమల కూడా అట్లాంటిదే. ఒక ఈగకి ఆ చెట్టు కనబడితే మిగతావి వెతుక్కుంటూ తిరగకుండా నేరుగా పోతాయి.

ఆట మనకి దిక్కూ దూరమూ ఇస్తుంది, ఫలానా చేను అని చెప్పదు. చివరి కొంచెం దూరం ఈగలు వాసన పట్టుకునే పోతాయి. అందుకే నేను ఆ గీత వెంట బండి మీద పోయి, పూతలో ఉన్న చేలన్నీ చూసొస్తాను. వాటిలో ఎవరైనా పురుగుమందు కొట్టబోతుంటే, ఈగలు గూటికి చేరాక సాయంత్రం కొట్టమని అడుగుతాను.