ఆటలమ్మ వచ్చిన పిల్లవాడు బడికి ఎప్పుడు తిరిగి వెళ్ళవచ్చు?

ఆటలమ్మ, అంటే చికెన్‌పాక్స్, వచ్చిన పిల్లల తల్లిదండ్రులు వైద్యుణ్ణి అడిగేది సాధారణంగా ఒక సెలవు చీటీ. "రెండు వారాలు విశ్రాంతి అవసరం" అని ఒక్క వాక్యం రాసి ఇవ్వడం సులువే. పిల్లల వైద్యుడిగా పనిచేసినంత కాలం నేను మాత్రం బడికి కాస్త పొడవైన ఉత్తరమే రాసేవాణ్ణి. పిల్లవాణ్ణి గుమ్మం దగ్గర చూసి లోపలికి రానివ్వాలా, ఇంటికి పంపాలా అని తేల్చవలసినది ఉపాధ్యాయురాలు. ఆమె కంటితో చూసి గుర్తుపట్టగల ఆనవాలు ఆ ఉత్తరంలో ఉండాలి.

అబ్దుల్లాపూర్‌మెట్‌లో మూడో తరగతి చదివే ఒక బాబును ఉదాహరణగా తీసుకుందాం. హయత్‌నగర్ వైపున్న బడికి రోజూ వ్యానులో వెళ్తాడు. ఫిబ్రవరి 1, శనివారం బడికి వెళ్ళాడు. 3వ తేదీ సోమవారం ఉదయం పొట్ట మీద, వీపు మీద ఎర్రని దద్దుర్లు కనిపించాయి. సాయంత్రానికి వాటిలో నీరు చేరింది. అతని బడికి రాసే ఉత్తరం ఇలా ఉంటుంది:

"ప్రధానోపాధ్యాయులు గారికి నమస్కారం. మీ మూడో తరగతి విద్యార్థికి ఆటలమ్మ సోకింది. ఒంటిపై పొక్కులు మొదటిసారి కనిపించిన రోజు ఫిబ్రవరి 3. కనీసం 8వ తేదీ వరకు అతణ్ణి ఇంటివద్దనే ఉంచాలి. ఆ తరువాత కూడా పొక్కులన్నీ ఎండి పక్కు కట్టి, కొత్తవి రావడం ఆగి, జ్వరం లేకుండా ఉంటేనే బడికి పంపుతారు. పక్కులు రాలిపోయే దాకా ఆగనవసరం లేదు."

ఈ ఉత్తరంలో లెక్క మొదలయ్యేది పొక్కు కనిపించిన రోజునుంచి. జ్వరం వచ్చిన రోజునుంచి గాని, ఆసుపత్రికి వచ్చిన రోజునుంచి గాని లెక్కించకూడదు. ఐదు రోజులన్నది కనీస గడువు మాత్రమే. ఆటలమ్మ పొక్కులు ఒకేసారి రావు, విడతలు విడతలుగా వస్తాయి. అందుచేత పొట్ట మీదివి ఎండిపోయినా తలలో జుట్టు మధ్య ఒకటి రెండు నీటి పొక్కులు మిగిలి ఉండవచ్చు. మన బాబుకు 8వ తేదీన సరిగ్గా అలాగే ఉన్నాయి. జ్వరం తగ్గింది, పరీక్షలు దగ్గరపడ్డాయి, అయినా పంపకూడదు. 10వ తేదీ సాయంత్రానికి అవీ పక్కు కట్టాయి. 11న బడికి వెళ్ళవచ్చు.

ఇక రెండో వైపు పొరపాటు. పక్కులు నల్లగా కనబడుతున్నాయని, మచ్చలు పోలేదని, తొమ్మిదో రోజో పదకొండో రోజో వేపాకు నీళ్ళు పోయలేదని పిల్లలను ఇంకో వారం ఆపేస్తారు. వైరస్ ఉండేది పొక్కులోని నీటిలో, ముక్కు గొంతుల తడిలో. ఎండిన పక్కు నుంచి ఆటలమ్మ సోకదు. స్నానం ఆచారం ప్రకారం చేయించుకోండి, కాని అంటు తగ్గడానికి దానితో సంబంధం లేదు. టీకా వేయించుకున్న పిల్లలకు ఒక్కోసారి నీరు పట్టని చిన్న దద్దుర్లే వస్తాయి. వాటికి పక్కు కట్టదు కాబట్టి ఇరవై నాలుగు గంటలపాటు కొత్తది ఒక్కటీ రాకపోతే చాలు.

ఉత్తరంలో రెండో పేరా కూడా ఉండాలి, చాలా చీటీల్లో లేనిది అదే. పొక్కులు కనబడటానికి ఒకటి రెండు రోజుల ముందే ఈ జబ్బు ఇతరులకు అంటుకుంటుంది. అంటే శనివారం వ్యానులోనూ, తరగతిలోనూ పక్కన కూర్చున్న పిల్లలకు అప్పటికే సోకి ఉండవచ్చు. బాబును ఇంట్లో ఉంచినా అది వెనక్కి పోదు. సోకిన తరువాత బయటపడటానికి 10 నుంచి 21 రోజులు పడుతుంది. కనుక నేను ఇలా రాస్తాను:

"ఫిబ్రవరి 11 నుంచి 22 వరకు ఆ తరగతి పిల్లలను గమనించండి. ఆరోగ్యంగా ఉన్నవారిని ఇంటికి పంపవద్దు. పొక్కు కనబడితే మాత్రం ఆ రోజే పంపండి. ఇంతవరకు ఆటలమ్మ రాని, టీకా వేయించుకోని గర్భిణి ఉపాధ్యాయినులు, క్యాన్సర్ చికిత్సలో ఉన్న లేదా ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్లు వాడుతున్న పిల్లలు ఆ తరగతిలోగాని, వ్యానులోగాని ఉంటే వెంటనే తమ వైద్యులను కలవమని చెప్పండి. వాట్సాప్ గ్రూపులో జబ్బు పేరు చెప్పండి, పిల్లవాడి పేరు చెప్పవద్దు."

ఆ చివరి హెచ్చరికలో జాప్యం పనికిరాదు. అలాంటివారికి ఆటలమ్మ ఊపిరితిత్తులకు పాకి ప్రాణం మీదికి తేవచ్చు. రక్షణగా ఇచ్చే ఇంజెక్షన్ సోకిన తొలి రోజుల్లో ఇస్తేనే బాగా పనిచేస్తుంది. అందుకే ఈ ఉత్తరం పిల్లవాడు బడికి తిరిగి వెళ్ళే రోజున అతని చేతికిచ్చి పంపేది కాదు. జబ్బు గుర్తించిన రోజే బడికి చేరాలి. మీ వైద్యుడు ఒక్క వాక్యం చీటీ ఇస్తే, పొక్కు మొదట కనిపించిన తేదీని దానిమీద రాయించుకోండి. మిగతా లెక్క అంతా ఆ తేదీ మీదే ఆధారపడి ఉంది.