ఆ కత్తుల రాజు ఎవరు?

మా తాడిపత్రిలో టారో కార్డులంటే చాలామందికి తెలీదు. నా కార్డుల డబ్బా చూసినప్పుడల్లా మా అమ్మ, "ఇంట్లో పేకాటేందే?" అంటుంది. పగలు ల్యాప్‌టాప్‌లో కోడ్ రాసుకుంటా, సాయంత్రం అడిగిన స్నేహితులకి కార్డులు చూస్తా. అవి భవిష్యత్తు చెప్తాయని నేను నమ్మను. లోపల మెదులుతున్న మాటని బయటికి తెస్తాయి, అంతే.

మొన్న ఎండాకాలంలో నా చిన్ననాటి స్నేహితురాలు హైదరాబాద్ నుంచి వచ్చింది. వెంట ఇంకో అమ్మాయి. నాలుగేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నారు, ప్రేమలో ఉన్నారు. మా ఊర్లో ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. ఆ ఆదివారం మావాడకి చెందిన ఎవరో అబ్బాయితో పెళ్లిచూపులు అని వాళ్ల నాయన మాట ఇచ్చేశాడు. ఇలాంటి ప్రేమ నేరం కాదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, 2023లో పెళ్లికి మాత్రం ఒప్పుకోలేదు. "మేం పెళ్లి చేసుకుంటాం" అని ఇంట్లో చెప్పే దారి కూడా లేదు వాళ్లకి.

మిద్దె మీద చాప పరిచి ఐదు కార్డులు వేశాను. ఒకటి నా స్నేహితురాలు, రెండోది ఆ అమ్మాయి, మూడోది ఇద్దరి మధ్య ఉన్నది, నాలుగోది అడ్డు, ఐదోది ఇప్పుడు చేయదగ్గది. వరసగా వచ్చినవి: పెంటకిల్స్ రాణి, వాండ్స్ నైట్, రెండు కప్పులు, కత్తుల రాజు, కప్స్ పేజ్.

నేను నేర్చుకున్న పద్ధతిలోనే మొదలుపెట్టా. రాణి అంటే ఇల్లు చూసుకునే ఆడమనిషి, నైట్ అంటే వెంటపడే మగాడు. "అంటే నేను మొగుణ్ణా?" అని రెండో అమ్మాయి నవ్వింది. నేనూ నవ్వేసి, కత్తుల రాజు దగ్గరికొచ్చి, "మీ మధ్యకి ఒక మగమనిషి వస్తున్నాడు" అన్నాను.

నా స్నేహితురాలి మొహం పాలిపోయింది. నేను చెప్పింది కార్డులో లేదు, ఆదివారం రాబోయే పెళ్లికొడుకు భయం లేదూ, దాన్నే తెచ్చి బొమ్మకి అంటగట్టాను.

పేకముక్కల్లో రాజు, రాణి, జాకీ ఉన్నట్టే టారోలో రాజు, రాణి, నైట్, పేజ్ ఉంటారు. నాలుగు రంగులకీ కలిపి పదహారు. మొదట్లో టారో కూడా ఇటలీలో ఆడుకునే పేకాటే, జోస్యం చాలా తర్వాత వచ్చింది. 1909లో లండన్‌లో వచ్చిన రైడర్ డెక్‌కి బొమ్మలు వేసింది పమేలా కోల్‌మన్ స్మిత్ అనే ఆవిడ. రాయించిన వెయిట్ తన పుస్తకంలో వాండ్స్ రాజుని పల్లెటూరి పెద్దమనిషి, సాధారణంగా పెళ్లయినవాడు అంటాడు. ఆ కాలం సమాజం అట్లా కార్డుల్లోకి వచ్చి కూర్చుంది. మనం దాన్ని డీఫాల్ట్ విలువలా వాడేస్తున్నాం.

కార్డులు తీయకుండానే మళ్లీ మొదట్నుంచి చదివాను. ఈసారి హోదాని ఆడా మగా అనుకోలేదు, ఒక పని తీరు అనుకున్నా. పేజ్ అంటే కొత్తగా నేర్చుకునేది, నైట్ అంటే దూకుడుగా వెంటపడేది, రాణి అంటే లోపల పెట్టుకుని కాపాడేది, రాజు అంటే బయటికి చెప్పి తేల్చేది. కత్తులు మాటకి, ఆలోచనకి. పెంటకిల్స్ డబ్బుకి, ఇంటికి. కప్పులు మనసుకి. వాండ్స్ ఉత్సాహానికి.

పెంటకిల్స్ రాణి ఒళ్లో నాణెం పెట్టుకుని తలొంచి దాన్నే చూస్తుంటుంది. నా స్నేహితురాలు ఉన్నదాన్ని పోగొట్టుకోకూడదని పట్టుకుంది. నైట్ గుర్రం ముందు కాళ్లు లేపింది. రెండో అమ్మాయికి తొందర. రెండు కప్పుల కార్డులో ఒక మగ, ఒక ఆడ బొమ్మ ఉంటారు. నేను చూడాల్సింది ఇద్దరి చేతుల్లో సమానంగా ఉన్న కప్పులని.

రాజు దగ్గర ఈసారి చెప్పలేదు, అడిగాను. "తేల్చేసే మాట ఒకటి అడ్డుగా ఉంది. అది మీ ఇద్దరిలో ఎవరిదన్నా ఉందా, బయటివాళ్లదా?"

చాలాసేపు ఎవ్వరూ మాట్లాడలేదు. తర్వాత నా స్నేహితురాలు, "నాదే. ఆదివారం పొద్దున నాయనకి ఒక్కదాన్నే చెప్పేద్దామనుకున్నా. దీనికి చెప్పలేదు" అంది.

"నన్నొదిలేసి ఒక్కదానివే చెప్తావా?" అని రెండో అమ్మాయి గట్టిగా అడిగింది. కప్పులోంచి తల ఎత్తిన చేపని ఆశ్చర్యంగా చూసే పేజ్ అప్పుడు అర్థమైంది. ముందు ఒకరి మనసు ఒకరు తెలుసుకోవడమే వాళ్లు చేయాల్సిన పని. చీకటి పడేదాకా మాట్లాడుకున్నారు. నేను కిందికెళ్లి టీ పెట్టుకొచ్చా.

అప్పట్నుంచి ఒక చిన్న పరీక్ష పెట్టుకున్నా. నేను చెప్పిన వాక్యంలో ఇద్దరి పేర్లూ మార్చి చూస్తా. అర్థం వాళ్ల స్వభావం వల్ల మారితే సరే, ఒకరు ఆడా మగా అన్న ఊహ వల్ల మారితే తప్పు చదివినట్టే. ఎవరైనా తామే "నేను రాజులాంటిదాన్ని" అంటే కాదనను, అది వాళ్లు తెచ్చిన అర్థం. బయటి మనిషి నిజంగానే ఉండొచ్చు కూడా. ఆ సంగతి అడిగి తెలుసుకోవాలి గానీ ప్రకటించకూడదు.

వాళ్లు వెళ్లిన రాత్రి నా నోట్‌బుక్ తీశాను. పదహారు కార్డుల పక్కన నేనే రాసుకున్న "మగవాడు", "స్త్రీ" అన్న మాటలన్నీ ఒక్కొక్కటిగా కొట్టేశాను. కత్తుల రాజు పక్కన మాత్రం కొత్తగా రాసుకున్నా: "అడుగు."