"మైనస్ ముందే ఉంది కదా అన్నా"

పోస్టు కొంచెం పొడుగైంది. ఇంట్లో పదో తరగతి పిల్లలు ఉన్నవాళ్లు మాత్రం ఆఖరి దాకా చదవండి.

మొన్న ఆదివారం మేము ముగ్గురం సిద్దిపేట హాస్టల్ నుంచి అక్కన్నపేట దిక్కు తండాకు పోయినం. బస్సు దిగి నడుస్తుంటే ఒక కాకా మమ్మల్ని ఇంట్లోకి పిలిచి, అంగి జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసిండు. "ట్యూషన్ సారు పంపిండు. నాలుగు రోజులైంది. ఏం రాసిండో సదవండి బిడ్డా" అన్నడు. ఆయనకు చదువు రాదు. బిడ్డను చదవమంటే తలొంచుకొని లోపలికి పోయిందట. దాంతో ఆయన తనే ఒక నిర్ణయానికి వచ్చిండు. "దానికి లెక్కలు తలకెక్కుత లేవు. ట్యూషన్ బందు పెట్టి పత్తి ఏరనీకి తోలుత."

ఆ కాగితంలో ఇట్ల ఉంది:

"తల్లిదండ్రులకు నమస్కారం. మీ అమ్మాయికి ఈ పరీక్షలో 40కి 17 మార్కులు వచ్చాయి. పోయిన మార్కుల్లో 7 ఒకే పొరపాటు వల్ల పోయాయి. ఒక సమీకరణం నుంచి ఇంకో సమీకరణాన్ని తీసివేసేటప్పుడు కింది వరుసలో అన్ని గుర్తులూ మార్చాలి. తను కొన్ని మార్చి కొన్ని మర్చిపోతోంది. పద్ధతి తనకు వచ్చు, కాబట్టి తిట్టకండి. ఇంట్లో ఈ లెక్కలు చేసేటప్పుడు కింది వరుస కింద మూడు గుర్తులు రాసి, మూడింటి చుట్టూ సున్నాలు చుట్టిందో లేదో చూడండి, చాలు."

మేము గోర్ బోలిలో చెప్పబోయినం. 'సమీకరణం' దగ్గరే ఆగిపోయినం. అప్పుడు చెల్లెను పిలిచి పరీక్ష పేపరు తెమ్మన్నం. 4 మార్కుల ప్రశ్నకు 1 మార్కు వచ్చింది. లెక్క ఇది:

3x + 2y = 11
3x − 4y = 5

రెండు వరుసల్లోనూ 3x ఉంది. పై దాంట్లోంచి కింది దాన్ని తీసేస్తే 3x పోతుంది, y ఒక్కటే మిగులుతుంది. ఇంతవరకు చెల్లెకు బాగనే తెలుసు. తీసివేయడం అంటే కింది వరుస మొత్తాన్ని తీసివేయడం. అందుకే కింద ఉన్న మూడింటికీ గుర్తు మారాలి. 3x కాస్తా −3x అవుతుంది, −4y కాస్తా +4y అవుతుంది, 5 కాస్తా −5 అవుతుంది. అప్పుడు 2y + 4y = 11 − 5, అంటే 6y = 6. y = 1 వస్తుంది.

చెల్లె 3x కింద మైనస్ పెట్టింది, 5 కింద మైనస్ పెట్టింది. నడిమిట్ల 4y కింద ఏమీ పెట్టలేదు. 2y − 4y = −2y అని రాసింది. −2y = 6, కాబట్టి y = −3 అన్నది. ఆ తర్వాత చేసిన భాగాహారంలో తప్పు లేదు. ఒక్క గుర్తు దగ్గర దారి తప్పింది, ఆ దారిలోనే చివరి దాకా శుద్ధంగా నడిచింది.

"నడిమి దానికి ఎందుకు మార్చలేదు?" అని అడిగినం. "అక్కడ మైనస్ ముందే ఉంది కదా అన్నా" అన్నది.

అది విని మేము ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం. మేము కూడా బడిలో ఇదే తప్పు చేసినం. సారు "మర్చిపోతోంది" అని రాసిండు గానీ, చెల్లె మర్చిపోలేదు. తీసివేయాలంటే మైనస్ పెట్టాలని ఆమెకు తెలుసు. 4y ముందర మైనస్ కనబడింది కాబట్టి ఆ పని అయిపోయిందనుకుంది. కానీ ఆ మైనస్ 4yది. తీసివేసే మైనస్ వేరు, అది బయటి నుంచి వస్తది. "గుర్తు మార్చు" అని వందసార్లు చెప్పినా ఈ తేడా తెలియకపోతే మళ్లీ అదే తప్పు వస్తది.

మైనస్‌లోంచి మైనస్ తీస్తే ప్లస్ ఎట్ల అయితదో చెప్పనీకి మేము తిప్పలు పడుతుంటే కాకా ఉన్నడు కదా అని ఆయన్నే అడిగినం. "కాకా, ఒక అన్న చేతిల 2 వేలు ఉన్నయి. తమ్మునికి చేతిల ఏం లేవు, పైంగ సేటుకు 4 వేలు బాకీ. ఇద్దరికీ ఎంత తేడా?"

"ఆరు వేలు" అన్నడు కాకా, ఆలోచించకుండ. "తమ్ముడు ముందుగాల నాలుగు వేలు కట్టి సున్నకు రావాలె. ఆ తర్వాత రెండు వేలు సంపాదించాలె. అప్పుడు గదా అన్నతోని సమానం."

2లోంచి −4 తీస్తే 6. చెల్లె లెక్కలో నడిమి భాగం అదే, 2y లోంచి −4y తీస్తే 6y. తెలుగు పుస్తకంలో మైనస్ సంఖ్యలను రుణ సంఖ్యలు అంటరు. రుణం అంటే అప్పే. 628లో బ్రహ్మగుప్తుడు బ్రహ్మస్ఫుటసిద్ధాంతంలో ఈ సంఖ్యల నియమాలను ధనం, రుణం అనే మాటలతోనే చెప్పిండు. సున్నాలోంచి రుణం తీసేస్తే ధనం అవుతుందన్నది అందులో ఒకటి. కాకాకు ఆ పుస్తకం తెలియదు, సేటు ఖాతా తెలుసు.

ఇంకొక సంగతి చెల్లె బాధగా చెప్పింది. "జవాబు సరిచూసిన అన్నా, సరిపోయింది." పేపరు మళ్లీ చూసినం. y = −3ని మొదటి సమీకరణంలో పెట్టి x = 17/3 అని తెచ్చింది. తర్వాత ఆ రెండింటినీ మళ్లీ మొదటి దాంట్లోనే పెట్టి చూసింది. 17 − 6 = 11. సరిపోతది మరి. x వచ్చిందే ఆ సమీకరణంలోంచి కాబట్టి y తప్పైనా అక్కడ సరిపోతది. రెండో దాంట్లో పెట్టి చూడాలె. 17 + 12 = 29. రావాల్సింది 5. అక్కడ తప్పు బయటపడ్డది. x దేంట్లోంచి తెచ్చినమో దాంట్లో కాదు, రెండో దాంట్లో సరిచూడాలె. అర నిమిషం పని.

సున్నాలు చుట్టే పద్ధతికి ఒక హద్దు కూడా ఉంది. పైన +4y, కింద −4y ఉంటే తీసివేయం, కూడుతం. కూడేటప్పుడు ఏ గుర్తూ మారదు, సున్నాలు చుట్టొద్దు. అలవాటుగా అక్కడ కూడా గుర్తులు మారిస్తే y పోదు, 8y అయి కూసుంటది. పోవాల్సిన అక్షరం పోలేదంటే అక్కడే ఆగి వెనక్కి చూడాలె.

చెల్లె అదే లెక్క మళ్లీ చేసింది. కింది వరుస కింద మూడు గుర్తులు రాసి, మూడు సున్నాలు చుట్టింది. y = 1, x = 3 వచ్చినయి. రెండో దాంట్లో పెట్టింది. 9 − 4 = 5. కాకా వంగి కాగితం మీద వేలు పెట్టి "ఒకటి, రెండు, మూడు" అని సున్నాలు లెక్కపెట్టిండు. అక్షరాలు రాకున్నా ఆయన చూడగలిగే గుర్తునే సారు అడిగిండని మాకు అప్పుడు అర్థమైంది.

పోయిన 23 మార్కుల్లో 7 ఇవి. మిగతా 16 వేరే కారణాలతో పోయినయి, వాటికి ఈ సున్నాలు పనికిరావు. ఆ మాట కూడా కాకాకు దాచకుండ చెప్పినం. ఆయన కాగితం మళ్లీ జేబులో పెట్టుకొని, "ట్యూషన్ పైసలు ఎన్నో తారీఖుకు కట్టాలె?" అని బిడ్డను అడిగిండు.

మీరు పండుగకు ఇంటికి పోయినప్పుడు తమ్ముళ్ల, చెల్లెళ్ల పేపరు అడగండి. మొత్తం మార్కు చూసి పెట్టెయ్యకుండ, తప్పైన లెక్కలో మొదట ఏ వరుసలో దారి తప్పిందో వెతకండి. అక్కడ ఎందుకట్ల రాసినవని అడగండి. కారణం వాళ్ల నోటితోనే వస్తది.