పరీక్ష ముందు రాత్రి: గడియారాన్ని వెనక్కి లెక్కించండి

ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం భౌతికశాస్త్ర పరీక్ష రేపు ఉదయం 9 గంటలకు ఉన్నదనుకోండి. ఇంకా ఎన్ని పాఠాలు మిగిలాయో చూసుకొని, దానిని బట్టి ఎంతసేపు మేలుకోవాలో నిర్ణయించుకోవడం మన ఇళ్లలో అలవాటు. వైద్యునిగా నా సలహా వేరు. పరీక్ష వేళ నుండి వెనక్కి లెక్కించండి.

నిద్ర లేచిన వెంటనే మెదడు చురుకుగా ఉండదు. ఆ మత్తు వదలడానికి అరగంట నుండి గంట, కొందరికి అంతకు మించి పడుతుంది. కాబట్టి 5.30కు లేవడం మంచిది. ఏడున్నర గంటల నిద్ర దక్కాలంటే రాత్రి 10 గంటలకు పడుకోవాలి. 9 గంటలకే పుస్తకం మూయాలి. సాయంత్రం 5 గంటలకు త్రాగిన కాఫీలోని కెఫీన్ దాదాపు సగం రాత్రి పదింటికి కూడా రక్తంలోనే ఉంటుంది. అందుచేత మధ్యాహ్న భోజనం తర్వాత కాఫీ, టీలు మానండి.

పగలు చదివినది మెదడులో స్థిరపడేది చాలావరకు నిద్రలోనే. ఆ నిద్రను కోసి కొత్త పాఠం చదివితే, వచ్చినది కూడా సమయానికి అందదు.

మరి 7 నుండి 9 వరకు ఏమి చేయాలి? తెల్లకాగితం తీసుకొని, పుస్తకం చూడకుండా, తరంగాలు, కిరణ దృశాశాస్త్రం, విద్యుత్ ప్రవాహం అని ఒక్కొక్క అధ్యాయం పేరు వ్రాసి, దాని క్రింద గుర్తున్న సూత్రాలు వ్రాయండి. తర్వాత పుస్తకంతో సరిచూడండి. తప్పినవి మాత్రమే వేరొక చిన్న కాగితంపై ఎక్కించండి. మళ్లీ మళ్లీ చదివితే తెలిసినట్లు అనిపిస్తుంది. చూడకుండా వ్రాస్తేనే తెలిసినదేదో తేలుతుంది.

పడుకున్నా నిద్ర పట్టకపోతే గడియారం చూడకండి. ఇరవై నిమిషాలు గడిచాయనిపిస్తే లేచి, మసక వెలుతురులో ఊరకే కూర్చొని, కునుకు వచ్చినప్పుడు మళ్లీ పడుకోండి. ఒక్క రాత్రి కొంత నిద్ర తగ్గినంత మాత్రాన చదివినదంతా పోదు. నిద్ర కోసం జలుబు మందులు, దగ్గు సిరప్‌లు ఇవ్వవద్దని తల్లిదండ్రులకు మనవి. వాటిలో కొన్నింటి మత్తు మరునాటి ఉదయం దాకా ఉంటుంది. గుండెదడ తగ్గుతుందని ఎవరో చెప్పిన మాత్రలు అసలే వద్దు. ప్రొప్రనలాల్ వంటివి ఉబ్బసం ఉన్నవారికి ప్రమాదకరం.

ఉదయం 7 గంటలకు రోజూ తినే ఇడ్లీయో ఉప్మాయో మితంగా తినండి. అలవాటు లేని పదార్థం ఆ రోజున మొదలుపెట్టకండి. రాత్రి వ్రాసిన చిన్న కాగితం ఒక్కసారి చూసి, కేంద్రానికి బయలుదేరే ముందు ఇంట్లోనే వదిలేయండి. గేటు వద్ద “అది చదివావా?” అని అడిగే మిత్రులకు కాస్త దూరంగా నిలబడండి.

ప్రశ్నాపత్రం చూడగానే ఏదీ గుర్తు రాకపోతే, అది మరచిపోవడం కాదు. భయంలో విడుదలయ్యే హార్మోన్లు జ్ఞాపకాన్ని కాసేపు అడ్డగిస్తాయి. నాలుగు లెక్కించేవరకు గాలి పీల్చి, ఆరు లెక్కించేవరకు నెమ్మదిగా వదలండి. ఇలా ఐదారు సార్లు చేసి, బాగా వచ్చిన రెండు మార్కుల ప్రశ్నతో మొదలుపెట్టండి.