తేనెమంచు పురుగు మాట్లాడింది

నూజివీడు దాటి చాట్రాయి వైపు వెళ్తుంటే దారికి రెండు పక్కలా మామిడి తోటలు పూత మీద ఉన్నాయి. జనవరి నెలాఖరు. అక్కడక్కడా ట్రాక్టర్ ట్యాంకులు పెట్టి మందు కొడుతున్నారు. ఈ రోజుల్లో ఇక్కడ ఏ అరుగు మీద కూర్చున్నా రెండే మాటలు వినిపిస్తాయి: తేనెమంచు పురుగు ఎంత ఉంది, తోట గుత్తకు ఎవరికిస్తున్నారు. మండలంలోని ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో నేను చూసిన బొమ్మలాట కథ కూడా ఈ రెండు మాటలతోనే అల్లుకున్నది. పిల్లల కోసం బడి పేరు, టీచర్ పేరు రాయడం లేదు.

ఆ టీచర్ గారు కొన్నేళ్ల కిందట హైదరాబాద్‌లోని సీసీఆర్‌టీ ప్రాంతీయ కేంద్రంలో శిక్షణ తీసుకున్నారు. కేంద్ర ప్రభుత్వం 1979లో పెట్టిన సాంస్కృతిక వనరుల, శిక్షణ సంస్థ అది. చదువులో బొమ్మలాటను ఎలా వాడాలో ప్రభుత్వ బడి టీచర్లకు నేర్పడానికి అక్కడ ప్రత్యేకంగా తరగతులు పెడతారు. చాలామంది టీచర్లు అక్కడ నేర్చుకున్న బొమ్మతో పాఠం చెబుతారు. ఈవిడ మాత్రం బొమ్మను తన చేతికి తొడుక్కోవడం మానేసి, క్లాసులో నోరు విప్పని పిల్లల చేతికి ఇచ్చారు.

నేను వెళ్లేసరికి వరండాలో కొత్త బొమ్మల తలలు తయారవుతున్నాయి. ముందుగా అట్టముక్కను చూపుడు వేలికి చుట్టి గొట్టం చేస్తారు. రెండున్నర అంగుళాల పొడవు, వేలు రెండో కణుపు దాకా దూరాలి. అదే మెడ. దాని పై కొసకు పాత న్యూస్ పేపర్ ఉండలా చుట్టి దారంతో బిగించి, కాగితం పీలికలను మైదా జిగురులో ముంచి అంటిస్తారు. జిగురులో ఒక చెంచా మెంతి పిండి కలుపుతారు. మన అమ్మమ్మలు కాగితం గుజ్జుతో బుట్టలు చేసేటప్పుడు మెంతులు రుబ్బి కలిపేవాళ్లే, అదే ఇది. మైల తుత్తం వేస్తే పురుగు పట్టదని పోస్టర్లు అంటించేవాళ్లు చెబుతారు కానీ, అది విషం కాబట్టి పిల్లల చేతికి రానివ్వరు.

పీలికలు నాలుగైదు వరసలు పడాలి, రెండు వరసలకోసారి ఎండలో పెట్టాలి. తొందరపడి అన్నీ ఒకేసారి అంటిస్తే పైన గట్టిపడి లోపల తడి ఉండిపోతుంది. మూడో రోజుకి బూజు వాసన కొడుతుంది, వేలితో నొక్కితే తల లోపలికి పోతుంది. తల బత్తాయి కాయకు మించకూడదు. అంతకన్నా బరువైతే పిల్లల మణికట్టు వాలిపోతుంది, బొమ్మ జనాన్ని చూడకుండా నేలను చూస్తుంది. "అసలే తల దించుకునే పిల్లకి తల దించుకునే బొమ్మనిస్తే ఏం లాభమండీ?" అన్నారు టీచర్ గారు.

ముఖం వేసేటప్పుడు ఆవిడ పట్టుబట్టిన విషయం ఒకటుంది. నోరు నవ్వుతున్నట్టు వేయకూడదు. చిన్న గీతతో సగం తెరిచినట్టు వదిలేయాలి. నవ్వు వేసేస్తే ఆ బొమ్మకి కోపం రాదు, ఏడుపు రాదు, అబద్ధం ఆడడం రాదు. నోరు విప్పని పిల్లల్లో ఎక్కువమందికి మొదట బయటికొచ్చేది సంతోషం కాదు, కోపం. దానికి బొమ్మ ముఖంలో చోటుండాలి.

ఒళ్లు పాత చీర ముక్కతో. పిల్ల తన చెయ్యి కాగితం మీద పెట్టి గీసి, చుట్టూ అంగుళం వదిలి కత్తిరిస్తుంది. చూపుడు వేలు మెడలో, బొటన వేలు ఒక చేతిలో, నడిమి వేలు రెండో చేతిలో. ఎవరి చేతికి కొలిచిన బొమ్మ వాళ్లకే సరిపోతుంది. ఈ కొలతలో ఒక ఎత్తుగడ ఉందని తర్వాత తెలిసింది. బాగా మాట్లాడే పిల్లలు ముందుకొచ్చి బొమ్మ లాక్కోవడానికి వీల్లేదు. వాళ్ల చెయ్యి అందులో పట్టదు.

మధ్యాహ్నం భోజనాల తర్వాత తలుపు గడపకు అడ్డంగా చీర కట్టారు. పిల్లల తల కంటే ఒక జానెడు ఎత్తు. వెనక నిలబడి చెయ్యి పైకెత్తితే బొమ్మ మాత్రమే కనిపిస్తుంది. ఆ చెయ్యి మూడు నాలుగు నిమిషాలకే లాగేస్తుంది కాబట్టి ఏ రంగమూ అంతకు మించి సాగదు. అదీ మంచికే, సిగ్గుపడే పిల్లకి మూడు నిమిషాలు చాలు.

కథకి రాసిన డైలాగులు లేవు. ఇచ్చింది ఒక తగువు: రైతు తోటను గుత్తకు ఇవ్వాలి, వ్యాపారి ధర తగ్గించాలి. ఈ బేరం ఇక్కడి పిల్లలు పుట్టిన దగ్గర్నుంచి ఇంట్లో వింటున్నారు. మాటలు వెతుక్కోనక్కర్లేదు.

"ఏం పూతండీ ఇది? సగం మాడిపోయింది. ఇంతకి పైసా ఎక్కువ ఇవ్వను," అంది వ్యాపారి బొమ్మ.

"మాడలేదు. పొద్దున మంచు పడింది, అంతే," అంది రైతు బొమ్మ.

అప్పుడు తెర కింద ధన్‌మని చెక్క చప్పుడైంది. ఆకుపచ్చ గుడ్డ ఒళ్లు, పెద్ద కళ్లు ఉన్న చిన్న బొమ్మ లేచింది. "అబద్ధం! మంచు కాదు, నేనే!"

అది తేనెమంచు పురుగు. నిజంగానే అది పూత కాడల్లోని రసం పీల్చి జిగట వదులుతుంది, ఆ జిగట మీద మసి పడుతుంది, పూత ఎండి రాలిపోతుంది. బొమ్మ అక్కడితో ఆగలేదు. "మందు కొట్టకపోతే పిందె కూడా నిలవదు. మీ ఇష్టం," అంది. క్లాసంతా నవ్వింది. టీచర్ గారు నవ్వలేదు, నోట్‌బుక్‌లో ఏదో రాసుకున్నారు.

ఆ చెక్క చప్పుడు మన తోలుబొమ్మలాట నుంచి తెచ్చుకున్నదే. తెర వెనక ఆడించేవాళ్లు కాలి కింద చెక్కలు తొక్కి యుద్ధానికి, గంతులకు చప్పుడు తెప్పిస్తారు. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చిన కళ అది. ఆ ఆటలో కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు రామాయణం మధ్యలో దూరి ఊళ్లో సంగతులు అప్పటికప్పుడు మాట్లాడేస్తారు. ఇక్కడ పురుగు పాత్రను పెట్టింది అదే దారిలో: కథలో దానికి పనేమీ లేదు, ఎప్పుడైనా దూరవచ్చు, ఏమన్నా చెల్లుతుంది, తప్పు మాట అనేదే ఉండదు. మొదటి మాట గొంతు దాటడానికి ముందు పక్కన చెక్క ఒకసారి గట్టిగా మోగితే ఊపిరి కదులుతుందని టీచర్ గారు కనిపెట్టారు. చెక్క తొక్కిన వెంటనే వచ్చే మాట వెనక బెంచీ దాకా వినిపిస్తుందట. ఆ రోజు నేను వెనక బెంచీలోనే కూర్చున్నాను, వినిపించింది.

పురుగును ఆడించింది ఐదో తరగతి అమ్మాయి. జూన్‌లో హాజరు పిలిస్తే వేలు ఎత్తేది, "ప్రెజెంట్" అనేది కాదు. ఇంట్లో గలగలా మాట్లాడుతుందని వాళ్ల అమ్మ చెప్పారు. టీచర్ గారి నోట్‌బుక్‌లో ఈ అమ్మాయి పేజీ చూశాను. మొదట బొమ్మ తల ఊపడం మాత్రమే: అవును, కాదు. తర్వాత శబ్దం, పురుగు రొద, అదీ మరో ఇద్దరితో కలిసి. ఆ తర్వాత బొమ్మ టీచర్ చెవిలో గుసగుసగా చెబితే ఆవిడ అందరికీ వినిపించేవారు. ఒకరోజు కావాలనే తప్పుగా చెప్పారు. "రెండు మామిడికాయలు కావాలంటోంది" అన్నారు. బొమ్మ "ఇరవై!" అని అరిచింది. క్లాసులో ఆ అమ్మాయి గొంతు మొదటిసారి విన్నది అప్పుడే. పేజీలో ఆ చోట 'ఇరవై' అని రాసి కింద గీత గీసి ఉంది.

ఆ తర్వాత ఆవిడ చేసినవన్నీ చిన్న పనులు, కానీ ఒక్కటి తప్పినా చెడిపోయేవి. మాట్లాడేటప్పుడు టీచర్ బొమ్మ కళ్లలోకి చూస్తారు, పిల్ల కళ్లలోకి కాదు. జవాబు కూడా బొమ్మకే. మిగతా పిల్లలు బొమ్మను చూసి ఎంతైనా నవ్వవచ్చు, ఆడించేవాళ్ల పేరు పెట్టి పిలవకూడదు. ఆట అయ్యాక "ఎంత బాగా మాట్లాడావమ్మా" అనకూడదు. ఒకసారి బడి చూడ్డానికి వచ్చిన పెద్దమనిషి ఒకాయన ప్రేమగా ఆ మాటే అన్నారు, చప్పట్లు కొట్టించారు. అందరి కళ్లూ బొమ్మను వదిలి పిల్ల మీద పడ్డాయి. తర్వాత రెండు వారాలు పేజీ ఖాళీ.

నాకు ముఖ్యమనిపించింది ఇదే. తెర పిల్లను దాస్తుంది కాబట్టి మాట్లాడుతుందని అనుకుంటాం. దాక్కోవడం ఒక్కటే అయితే చీర తీసిన రోజున పిల్ల మళ్లీ మూగబోవాలి. ఈ అమ్మాయి విషయంలో చీరను వారం వారం దించారు: మొదట నుదురు కనిపించేలా, తర్వాత గడ్డం దాకా, ఆ తర్వాత టేబుల్ వెనక కూర్చుని. టేబుల్ దగ్గరికొచ్చేసరికి పిల్ల అందరికీ కనిపిస్తోంది, అయినా మాట ఆగలేదు. ఎందుకంటే తను బొమ్మనే చూస్తోంది, క్లాసూ బొమ్మనే చూస్తోంది. చూపులు పడే చోటు తన ముఖం నుంచి జానెడు దూరం జరిగితే చాలు. అందుకే పురుగు మాట్లాడుతున్నంత సేపూ మిగతా బొమ్మలు కదలకూడదని అంత గట్టి నియమం పెట్టారు. పక్క బొమ్మ ఊగితే చూపులు చెదురుతాయి, పిల్లకి తడబాటు వస్తుంది.

మాట్లాడడం వచ్చిందని ఎలా తెలుస్తుందని అడిగాను. గొంతు పెద్దదవడం లెక్కలోకి తీసుకోరట. ఎవరూ అడగని మాట తనంతట తాను కలిపితే గీత గీస్తారు. 'మందు కొట్టకపోతే పిందె నిలవదు' అన్నప్పుడు ఆవిడ రాసుకున్నది అదే. డైలాగులు బట్టీ పట్టిస్తే ఈ గుర్తు ఎప్పటికీ దొరకదు. బట్టీ పట్టిన పిల్ల ఒక మాట మరిచిపోయిందంటే తెర వెనకే బిగుసుకుపోతుంది, అంతకుముందు కన్నా భయం పెరుగుతుంది. వార్షికోత్సవం నాటకాల్లో చాలా బళ్లలో జరిగేది ఇదే.

అందరికీ ఇది పని చేయలేదు. నాలుగో తరగతిలో ఒక బాబు బొమ్మ చాలా అందంగా చేశాడు. నెలలు గడిచినా గుసగుస కూడా రాలేదు. ఇంట్లో మామూలుగా మాట్లాడుతూ, బడి లాంటి చోట నెలకు మించి అసలే మాట్లాడకపోతే (బడిలో చేరిన మొదటి నెల లెక్కలోకి రాదు) అది ఉత్త సిగ్గు కాకపోవచ్చు. దానికి వైద్యం ఉంది. టీచర్ గారు అమ్మానాన్నలను కూర్చోబెట్టి మాట్లాడి, పిల్లల మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లమన్నారు. బొమ్మ మాత్రం వాడి దగ్గరే ఉంచారు. ఇప్పుడు వాడి పని చెక్క తొక్కడం. పురుగు లేచే ముందు వినిపించిన ఆ ధన్‌మన్న చప్పుడు వాడిదే.

ఐదో తరగతి అమ్మాయి జూన్‌లో హైస్కూలుకి వెళ్తుంది. కొత్త బడి, కొత్త టీచర్లు, తెర ఉండదు. దానికోసం ఇప్పుడు చివరి మెట్టు నడుస్తోంది: పురుగు బొమ్మ టేబుల్ మీద కూర్చుని వింటుంది, అమ్మాయి వ్యాపారి వేషం కట్టి తువ్వాలు భుజాన వేసుకుని బేరమాడుతుంది. బొమ్మ లేదు, వేషం ఉంది. ఆ వేషం కూడా తీసేశాక హాజరుకు జవాబు చెప్పడం. టీచర్ గారు హైస్కూలు వాళ్లకు ఒక ఉత్తరం కూడా రాసి పెట్టుకున్నారు. మొదటి వారం ఈ అమ్మాయిని ఒంటరిగా లేపి పేరు చెప్పమనొద్దని, ఎవరో ఒకరితో జతగా లేపమని, జవాబు కోసం మనసులో ఐదు లెక్కపెట్టేంత సేపు ఆగమని అందులో ఉంది. ఆవిడ అది నాకు చదివి వినిపించి, "ఐదు చాలంటారా, పది అని రాయనా?" అని అడిగారు. పది అని రాయమన్నాను.