పేరు కనిపించింది, నేనే చదవలేదు

నాన్నకు మోకాలి ఆపరేషన్ డేట్ ఇచ్చారు. రెండు వారాల్లో అమ్మానాన్న ఖమ్మం నుంచి వచ్చేస్తారు. నేనేమో ముగ్గురు ఫ్రెండ్స్‌తో కలిసి మూడో అంతస్తులో ఉంటున్నా, లిఫ్ట్ లేదు. వెంటనే వేరే ఇల్లు చూడాలి. నేను మోసపోయింది ఆ తొందరలోనే.

ఒక యాప్‌లో కొండాపూర్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ కనిపించింది. అద్దె 17 వేలు. ఆ చుట్టుపక్కల నేను చూసినవన్నీ 27, 28 వేలు. ఫోన్ చేస్తే ఓనర్ హిందీలో చాలా మర్యాదగా మాట్లాడాడు. ఆర్మీలో ఉన్నానని, పుణెకి ట్రాన్స్‌ఫర్ అయిందని, ఇల్లు శుభ్రంగా ఉంచే ఫ్యామిలీ దొరికితే చాలని అన్నాడు. అడక్కుండానే ఆధార్, యూనిఫాంలో ఉన్న ఐడీ కార్డు వాట్సాప్‌లో పంపాడు. ట్రూకాలర్‌లో కూడా అదే పేరు, ముందు 'మేజర్' అని ఉంది. ఇక అనుమానం ఏముంది?

ఇల్లు చూస్తానంటే, "రేపే చూడండి. కాకపోతే సొసైటీ గేట్ పాస్‌కి 4,000 కట్టాలి. ఇల్లు నచ్చకపోతే తిరిగి ఇచ్చేస్తారు" అన్నాడు. పంపేశాను.

పది నిమిషాలకే మళ్లీ ఫోన్. పాస్ రెడీ అట, రెండు నెలల అడ్వాన్స్ 34,000 కూడా పంపితేనే గేటు దగ్గర నా పేరు ఎక్కుతుందట. అప్పుడు గుండె కాస్త జారింది. "ముందు నా 4,000 వెనక్కి పంపండి సార్" అన్నాను. వెంటనే ఒక క్యూఆర్ కోడ్ పంపి, "స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బులు మీకు పడతాయి" అన్నాడు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ అడిగిందంటే మన అకౌంట్‌లోంచి పోతున్నట్టే. అక్కడ ఆగాను.

తర్వాత పాత పేమెంట్ తెరిచి చూశా. ఆధార్‌లో ఉన్నది ఒక మగాయన పేరు. నా 4,000 వెళ్లింది ఎవరో ఆవిడ అకౌంట్‌కి. ఆ పేరు నేను పిన్ కొట్టకముందే స్క్రీన్ మీద ఉంది. అంకె చూశా గానీ పేరు చూడలేదు.

ఈ రెండు పేర్ల తేడా తెలుసుకోవాలి. 2025 జూన్ 30 నుంచి యూపీఐ యాప్‌లు డబ్బు తీసుకునేవాళ్ల పేరు బ్యాంకు రికార్డులో ఎలా ఉందో అలాగే చూపించాలి. ట్రూకాలర్‌లో పేరు అలాంటిది కాదు. జనం ఫోన్లలో సేవ్ చేసుకున్న పేరు కావచ్చు, ఆ నంబర్ వాడే మనిషి తనే పెట్టుకున్నదీ కావచ్చు. 'మేజర్' అని ఎవరైనా పెట్టుకోవచ్చు.

వెంటనే 1930కి ఫోన్ చేశా. ట్రాన్సాక్షన్ నంబర్, టైమ్ తీసుకున్నారు. డబ్బు ఆ అకౌంట్‌లో ఇంకా ఉంటే ఆపగలరు, అందుకే నిమిషాలు కూడా ముఖ్యమే. నాది అప్పటికే వేరే చోటికి వెళ్లిపోయింది. cybercrime.gov.in లో అనుమానం ఉన్న ఫోన్ నంబర్‌ని, యూపీఐ ఐడీని వెతికి చూసుకోవచ్చని కూడా అప్పుడే తెలిసింది. అయితే ఎవరో ఒకరు ముందే ఫిర్యాదు చేసి ఉంటేనే అక్కడ తెలుస్తుంది. కొత్త సిమ్ అయితే ఏమీ రాదు. ఏమీ రాలేదంటే ఆ మనిషి మంచివాడని అర్థం కాదు.

వారం తర్వాత మియాపూర్‌లో ఇంకో ఇల్లు దొరికింది. ఓనర్ పెద్దాయన, తలుపు తీసి తనే ఇల్లంతా చూపించారు. అడ్వాన్స్ పంపుదామని ఆయన ఇచ్చిన నంబర్ కొడితే మళ్లీ ఎవరో ఆవిడ పేరు! నా చెయ్యి ఆగిపోయింది.

"అంకుల్, పేరు వేరేది వస్తోంది."

"మా కోడలిది బాబూ. నాకు ఆ యాప్‌లు రావు."

నిజమే కావచ్చు. పేరు కలవనంత మాత్రాన మోసం అనలేం, కానీ కారణం తేలేదాకా డబ్బు కదలకూడదు. కరెంట్ బిల్లు చూపించమని అడిగా. దాని మీద ఉన్న యూఎస్‌సీ నంబర్‌ని విద్యుత్ సంస్థ సైట్‌లో కొడితే ఆయన పేరే వచ్చింది. బిల్లు ఫొటో మార్చేయొచ్చు, సైట్‌లో వచ్చేది మార్చలేరు కదా. ఇల్లు కొన్నాక బిల్లు మీద పేరు మార్పించుకోని వాళ్లూ ఉంటారు కాబట్టి, ఎదురింటి ఆంటీని కూడా అడిగా. ఆయన పదేళ్లుగా తెలుసన్నారు.

"నా ఇంట్లో నిలబడి నన్నే బిల్లు అడుగుతున్నావా?" అని పెద్దాయన నవ్వారు.

"ఇది నేర్చుకోవడానికి 4,000 ఫీజు కట్టాను అంకుల్" అన్నాను. ఆయన కోడలిని పిలిచారు. ఆమె వచ్చి తన పేరు చెప్పాకే పిన్ కొట్టాను.