మా నడవాకి వెలుగొచ్చింది

మా అత్తయ్యగారు సాయంత్రం ఆరు దాటాక మంచినీళ్లు తాగడం మానేశారని నాకు చాలా రోజులు తెలియలేదండీ. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి డాక్టరుగారు "నీళ్లు ఎన్ని తాగుతున్నారమ్మా?" అని అడిగితే అప్పుడు బయటపడింది. రాత్రి లేవాల్సి వస్తుందని భయమట. ఎందుకు భయమంటే, "ఆ నడవా ఉందే, బావిలోకి దిగినట్టుంటుందే అమ్మాయ్" అన్నారు.

మా ఫ్లాట్లో హాలుకీ పడగ్గదులకీ మధ్య ఒక నడవా ఉంది. పధ్నాలుగు అడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు. కిటికీ లేదు. అత్తయ్యగారి గది చివర ఉంది, ఆవిడ వాడే బాత్రూమేమో హాలు వైపు ఉంది. మధ్యలో గాజు గుమ్మటంలో ఒక్క బల్బు, దాని స్విచ్చు హాలు దగ్గర. అంటే ఆవిడ చీకట్లో నడవా అంతా దాటాక గానీ స్విచ్చు దొరకదు! ఆవిడకి ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండోది ఇంకా కాలేదు. గోడ పట్టుకుని నడిచేవారు. నడుము ఎత్తులో గోడ పొడవునా చేతి మరక గీత గీసినట్టు ఉండేది. ఆ మరక చూసినప్పుడల్లా నేను విసుక్కునేదాన్ని. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

అంతకు రెండేళ్ల క్రితం నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెప్పాలి. నడవా చీకటిగా ఉందని తెల్లటి తెలుపు వేయించాను. వారం తిరిగేసరికి గోడలు అంట్లు తోమిన నీళ్ల రంగులో కనిపించాయి. పెయింటు మంచిదే. తెలుపు తన మీద పడిన వెలుతురునే తిరిగి ఇస్తుంది, అక్కడ పడే వెలుతురే లేదు. అందుకే ఈసారి ముందు లైట్లు, ఆ తరవాతే రంగు అనుకున్నాను.

ఎలక్ట్రీషియన్ అబ్బాయి గోడకి అందమైన బ్రాకెట్ లైట్లు పెడదామన్నాడు. మూడున్నర అడుగుల దారిలో అవి భుజాలకి తగులుతాయి, వద్దన్నాను. సీలింగుకి పాలగాజు మూత ఉన్న చిన్న ఎల్ఈడీలు మూడు పెట్టించాం, ఒక్కోటి ఎనిమిది వాట్లు. ఒకే చోట పెద్ద లైటు ఒకటి పెడితే దాని కింద కళ్లు చెదిరే వెలుతురు, రెండు చివర్లా చీకటి. మూడు చోట్ల కొంచెం కొంచెం ఉంటే నీడలు పడవు. పొడవుని మూడుతో భాగిస్తే దాదాపు నాలుగున్నర అడుగులు వచ్చింది, లైటుకీ లైటుకీ అంత దూరం. మొదటిదీ చివరిదీ గోడ నుంచి అందులో సగం దూరంలో రావాలి. ఆ అబ్బాయి మొదట రెండిటినీ గోడలకి ఆనించి గుర్తు పెట్టేశాడు, నేను టేపు తెచ్చి మార్పించాను.

బల్బు రంగు దగ్గర ఇంట్లో చిన్న యుద్ధమే జరిగింది. మా వారికి 6500 కెల్విన్ తెల్ల లైటు అంటే ఇష్టం. అది వేస్తే నడవా ఆసుపత్రి వరండాలా ఉంది, మా మొహాలు జ్వరమొచ్చినట్టున్నాయి. 3000 కెల్విన్‌ది వేసి చూపించాక ఆయనే ఊరుకున్నారు.

స్విచ్చు సంగతే అన్నిటికన్నా ముఖ్యం. రెండు చివర్లా టూ-వే స్విచ్చులు కావాలన్నాను. దానికి అదనంగా వైరు లాగాలి. గోడ తవ్వడం ఇష్టంలేక సీలింగు మూలన సన్నటి పీవీసీ కేసింగ్‌లో లాగించి, దానికీ గోడ రంగే వేయించాం. చెబితే తప్ప కనపడదు. అత్తయ్యగారి గుమ్మం పక్కన కింద ఉన్న ప్లగ్గులో సెన్సర్ లైటు పెట్టాం. ఆవిడ అడుగు బయట పెట్టగానే పాదాల దగ్గర వెలుగుతుంది.

ఇక రంగు. కొట్లో కార్డు చూసి ఎంచుకోవద్దండీ, అక్కడి లైటు వేరు, మన నడవా వేరు. నేను చిన్న శాంపిల్ డబ్బాలు మూడు తెచ్చి, అట్టముక్కల మీద రెండేసి కోట్లు వేసి, కొత్త లైట్ల కింద ఒకసారి, రెండు లైట్ల మధ్య ఒకసారి నిలబెట్టి చూశాను. కార్డులో ఎంతో ముద్దొచ్చిన లేత నిమ్మరంగు ఆ పసుపు లైటులో గుమ్మానికి పసుపు రాసినట్టయింది. లేత బూడిదరంగు మురికిగా ఉంది. కొంచెం గంధం కలిసిన మీగడరంగు గెలిచింది. పక్క గోడలు రెండూ అదే, సీలింగు మాత్రం తెలుపు. ఎదురుగా ఉన్న చివరి గోడకి ముదురు ఇటుకరంగు వేయించాను. ముదురు రంగు గోడ మనకి దగ్గరగా జరిగినట్టు కనిపిస్తుంది, సొరంగంలా ఉన్న పొడవు తగ్గుతుంది.

పెయింటరు మెరిసే గ్లాసీ వేద్దాం, వెలుతురు పెరుగుతుందన్నాడు. గ్లాసీలో బల్బులు అద్దంలోలా మెరుస్తాయి, శుక్లం ఉన్న కంటికి ఆ మెరుపే బాధ. పైగా పుట్టీ ఎత్తుపల్లాలన్నీ బయటపడతాయి. కడిగితే పోయే సాటిన్ వేయమన్నాను. వేసేముందు ఫోను టార్చిని గోడకి ఆనించి పక్కనుంచి చూస్తే అలలు అలలుగా గుంటలు కనిపించాయి. అన్నిటికీ పెన్సిలుతో సున్నాలు చుట్టి ఇచ్చాను. పాపం, ఆ అబ్బాయి ఇంకోరోజు ఇసుక కాగితం పట్టాల్సి వచ్చింది.

చివరి గోడకి బొమ్మ ఏదని వెతుకుతుంటే, అత్తయ్యగారే తన ట్రంకుపెట్టె తెరిచారు. నాఫ్తలీన్ వాసనతో ఒక కాళహస్తి కలంకారీ, శ్రీరామ పట్టాభిషేకం. ఆవిడ పెళ్లినాటిది. ఇంతకాలం ఎందుకు దాచారంటే, హాలు గోడకి పడమటి ఎండ కొడుతుంది. చవలకోడి ఎరుపులూ బెల్లం, ఇనుముతో కాచిన నలుపూ అయినా, ఏళ్ల తరబడి ఎండ తగిలితే ఆ బట్ట వెలిసిపోతుంది. కిటికీ లేని నడవా దానికి సరిగ్గా సరిపోయింది!

నేను మామూలుగా కొట్టే ఎత్తులో మేకు కొట్టబోతే అత్తయ్యగారు తల పైకెత్తి చూడాల్సి వచ్చింది. ఆవిడ నాలుగడుగుల పది అంగుళాలు. బొమ్మ మధ్యభాగం ఆవిడ కంటి ఎత్తుకి దించాను. దాని కోసం తల తిప్పుకునే చిన్న ఐదు వాట్ల లైటు, గోడకి రెండున్నర అడుగుల దూరంలో. ఇంకా దగ్గరగా ఉంటే ఫ్రేము నీడ బొమ్మ మీద పడుతుంది, దూరమైతే మన నీడ పడుతుంది. దాని స్విచ్చు వేరు, రాత్రంతా వెలగనివ్వను. ఫ్రేములో గాజు మెరుస్తోంటే ఆ లైటు కోణం రెండుసార్లు మార్చుకున్నాం. పక్క గోడలకి పెద్ద బొమ్మలు పెట్టలేదు, వెనక్కి జరిగి చూడటానికి చోటేదీ? పిల్లల చిన్న ఫోటోలు నాలుగు చాలు.

బొమ్మ అంచున చిన్న చిన్న తెలుగు అక్షరాలున్నాయి. అత్తయ్యగారు పొద్దున్నే దగ్గరికెళ్లి ఒక చెయ్యి గోడకి ఆనించి అవి చదువుతుంటారు. నీళ్ల చెంబు మళ్లీ ఆవిడ మంచం పక్కకి వచ్చింది. మొన్న తుడుస్తూ చూశాను, పక్క గోడల మీద గీత లేదు. బొమ్మ పక్కన ఇటుకరంగు మీద మాత్రం ఒక చెయ్యంత మరక మొదలైంది.